కనిపించని చుక్క

లహరికి ఆటల్లో ఓడిపోవడం అలవాటు లేదు. అలాంటిది, వచ్చీరాగానే ఒక బాతు ఆమెను మింగేసింది.

"అది బాతు కాదు తాతయ్యా, డ్రాగన్!" అంది ఉక్రోషంగా.

"మెడ, ముక్కు, పొట్ట... నా కంటికి బాతే," అన్నాడు తాతయ్య.

తాతయ్య వేసవికని విజయవాడ నుంచి అమెరికా వచ్చాడు. లహరి వాళ్లు ఉండేది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో. పక్కింటి టామ్ గారు గ్యారేజ్ ఖాళీ చేస్తూ పాత సామాన్లు అమ్మకానికి పెడితే, లహరి తన డబ్బుతో ఒక అటారి 2600 ఆటపెట్టె కొనుక్కుంది. దానితో పాటు పాత టీవీ, 'అడ్వెంచర్' అనే ఆట క్యాసెట్టు కూడా వచ్చాయి. ఆ ఆట 1980 నాటిది. అందులో కథానాయకుడంటే ఒక చదరపు ముక్క. కాళ్లూ లేవు, చేతులూ లేవు. బాణంలా ఉండేదే కత్తి. మూడు కోటలు, మూడు డ్రాగన్లు, ఒక గబ్బిలం. మాయా కలశాన్ని వెతికి బంగారు కోటకు చేర్చాలి. డ్రాగన్లనైనా చంపడానికి కత్తి ఉంది కానీ గబ్బిలంతోనే చిక్కు. చేతిలో ఉన్నది లాక్కుని, పనికిరానిది పడేసి పోతుంది.

రెండు రోజులు తంటాలు పడి లహరి గెలిచింది. గెలిచిన సంగతి చెప్పడానికి పక్కింటికి పరుగెత్తింది. టామ్ గారు తీరిగ్గా విని, "బాగుంది. మరి చుక్క దొరికిందా?" అన్నారు.

"ఏ చుక్క?"

"కనిపించని చుక్క. నల్లకోట లోపలి దారుల్లో, నాలుగు పక్కలా గోడలు మూసిన గది ఒకటి ఉంటుంది. వంతెన వేస్తే తప్ప అందులోకి పోలేవు. ఇక చెప్పను."

లహరి మళ్లీ ఆట మొదలుపెట్టింది. నల్ల తాళంచెవి సంపాదించింది. వంతెన మోసుకెళ్తుంటే గబ్బిలం ఎత్తుకుపోయింది. దాని వెంట పడి వంతెన తెచ్చుకునేసరికి పచ్చ డ్రాగన్ ఎదురైంది. అదంతా చెప్పుకుంటూ పోతే అన్నం వేళ దాటిపోతుంది. మొత్తానికి ఆ గదిలో అడుగుపెట్టింది. గది నిండా బూడిద రంగే తప్ప ఇంకేమీ లేదు.

"టామ్ గారు నన్ను ఆటపట్టించారు తాతయ్యా. ఇక్కడ ఏమీ లేదు."

తాతయ్య కళ్లజోడు సర్దుకుని టీవీకి దగ్గరగా జరిగాడు. "బూడిద రంగు మీద బూడిద రంగు చుక్క పెడితే ఎలా కనిపిస్తుంది? చూడకు, తడుముకుంటూ పో."

లహరి తన చదరపు ముక్కను గది మొత్తం తిప్పింది. ఒక మూలకు వెళ్లగానే టీవీలోంచి చిన్న శబ్దం వచ్చింది, ఏదో వస్తువు చేతికి దొరికినప్పుడు వచ్చేదే. తెరమీద మాత్రం ఏమీ మారలేదు.

"దొరికింది!"

దాన్ని ఏం చేయాలో తెలుసుకోవడానికి ఇంకో పూట పట్టింది. బంగారు కోట కింద ఉన్న దారిలో కుడివైపు చివర ఒక సన్నటి గీత ఉంది, అది దాటనివ్వదు. లహరి చుక్కను ఆ దారిలో పెట్టింది. కత్తినీ తాళంచెవినీ కూడా తెచ్చి పక్కన పడేసింది. అంతే, గీత మిణుకుమిణుకుమంది. ఆ పాత యంత్రానికి ఒకే గదిలో అన్ని వస్తువులను ఒకేసారి చూపే శక్తి లేదు. ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా చూపిస్తుంది. ఆ మిణుకుల మధ్య లహరి గోడలోంచి అవతలికి జారిపోయింది.

అక్కడ మరో గది. బంగారం లేదు, వజ్రాలు లేవు. తెర మధ్యలో నిలువుగా, రంగులు మారుతూ కొన్ని అక్షరాలు మాత్రం ఉన్నాయి:

Created by Warren Robinett

"ఇంత కష్టపడితే ఒక పేరా!" లహరి జాయ్‌స్టిక్ సోఫా మీదికి విసిరేసింది.

సాయంత్రం టామ్ గారు వాళ్ల పెరట్లో కూర్చుని ఆ పేరు సంగతి చెప్పారు. తాతయ్యకు అర్థం కావాలని లహరి మధ్యమధ్యలో తెలుగులో చెబుతూ వచ్చింది.

"వారెన్ రాబినెట్ ఈ ఊళ్లోనే, అటారి కంపెనీలో పనిచేశాడు. అప్పట్లో అక్కడ ఒక ఆట మొత్తాన్ని దాదాపు ఒక్క మనిషే తయారుచేసేవాడు. బొమ్మలు, శబ్దాలు, నియమాలు, అన్నీ. అదంతా 4 కిలోబైట్లలో ఇమిడ్చాలి. ఇప్పుడు నీ ఫోనులో ఒక్క ఫోటో పెట్టడానికి కూడా ఆ చోటు చాలదు. ఆట లక్షల్లో అమ్ముడుపోయింది. పెట్టె మీద మాత్రం కంపెనీ పేరే ఉంటుంది, చేసినవాడి పేరు ఉండదు."

"ఎందుకని?"

"పేరు బయటికొస్తే వేరే కంపెనీలు పిలుచుకుపోతాయని ఒక భయం. ఎక్కువ జీతం అడుగుతారని ఇంకో భయం. అందుకని రాబినెట్ తన పేరును ఆటలోనే దాచాడు. తోటి ఉద్యోగులకు కూడా చెప్పలేదు. తర్వాత ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు."

"కంపెనీకి ఎలా తెలిసింది?"

"సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక పదిహేనేళ్ల కుర్రాడు ఉత్తరం రాశాడు, ఈ గది కనిపెట్టానని. ఆ పేరు తీసేయాలంటే ఆట చిప్పు కొత్తగా చేయించాలి, దానికి బోలెడు ఖర్చు. అప్పుడు స్టీవ్ రైట్ అనే అధికారి, తీసేయడం దేనికి, ఉంచుదాం, ఈస్టర్ గుడ్లలాగా ఆడేవాళ్లు వెతుక్కుంటారు అన్నాడు. ఆటల్లో దాచినవాటికి ఈస్టర్ ఎగ్ అనే పేరు అలా వచ్చింది."

ఈస్టర్ పండుగకు పెద్దవాళ్లు తోటలో రంగు గుడ్లు దాచడం, పిల్లలు వెతకడం లహరికి తెలుసు. బళ్లో ఏటా ఆడుతుంది.

"రాబినెట్ కంటే ముందు కూడా ఒకరిద్దరు ఆటల్లో పేర్లు దాచారు," అన్నారు టామ్ గారు. "ఇప్పుడు పేర్లు ఆట చివర్లో బారులు తీరి వస్తాయి. అయినా దాచడం మానలేదు."

"పేరు కోసమే అయితే ఇప్పుడు ఎందుకు దాస్తారు?" అంది లహరి. కాసేపు ఆలోచించి తనే మళ్లీ అంది: "ఆట చేసేటప్పుడు ఆడేవాళ్లు కనబడరు కదా. వెతికి వచ్చినవాళ్లతో, 'నువ్వు ఇంతదూరం వస్తావని నాకు ముందే తెలుసు' అని చెప్పడానికేమో."

తాతయ్య ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక మాత్రం తన సంచిలోంచి ఒక పాత ఫోటో తీశాడు. సినిమా హాలు ముందు రెండంతస్తుల ఎత్తు బ్యానర్. హీరోయిన్ నీలం చీరలో నవ్వుతోంది.

"ఇది నువ్వు వేసిందా తాతయ్యా?"

"చీర, చేతులు, మేఘాలు నావి. ముఖాలు మా యజమాని వేసేవాడు. కింద మూలన పేరు కూడా ఆయనదే ఉండేది."

లహరి ఫోటోను దీపం దగ్గరికి తీసుకెళ్లింది. "నువ్వు కూడా దాచావు కదూ? ఎక్కడ?"

"నలభై ఏళ్లుగా ఎవ్వరూ అడగలేదు. చెప్పేస్తానా? వెతుక్కో."

"నీలం మీద నీలమా?"

తాతయ్య నవ్వు ఆపుకున్నాడు. లహరి భూతద్దం తెచ్చుకుంది. చీర కుచ్చిళ్లన్నీ ఒక్కొక్కటే చూస్తూ, తనకు పూర్తిగా రాని తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.

"సు... తర్వాత బ. కింద ఇదేమిటి తాతయ్యా, వత్తా, మడతా?"

"అది వత్తే," అన్నాడు తాతయ్య. "ఆ మడత వేయడానికి నాకు ఒక పూట పట్టింది. పక్క కుచ్చిలి చూడు, 'రావు' అక్కడుంది."