మోటారు తాళం

విశాఖపట్నం పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబ అమ్మవారి గుడికి నాలుగు వీధుల అవతల ఉన్న ఆ మూడంతస్తుల అపార్ట్‌మెంటులో, తెల్లవారుజామున 5 గంటలకు నీళ్ల మోటారు వేసే పని పదిహేనేళ్లుగా అప్పలనరసయ్య గారిదే. ఎవరూ అప్పగించలేదు, ఆయనే తీసుకున్నారు. సెల్లారులో స్విచ్చి పెట్టె తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. మోటారు వేసి, మెట్ల మీద కూర్చుని, పైన ట్యాంకు నిండి నీటి చప్పుడు మారేదాకా చెవి ఒగ్గి విని, కట్టేసి, అప్పుడు లాసన్స్ బే వైపు నడకకు వెళ్లడం ఆయన దినచర్య. 33 ఏళ్లు హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసిన మనిషి కావడం వల్ల, చప్పుడును బట్టి యంత్రం బాగోగులు చెప్పగలనన్న నమ్మకం ఆయనకు ఉండేది. ఆ నమ్మకం నిజమే కూడా.

మార్గశిర మాసం మొదలైన వారానికే ఆయనకు జలుబు పట్టుకుంది. మొదటి రోజు గొంతులో గరగర, రెండో రోజు ఎడతెగని తుమ్ములు, మూడో రోజుకు ముక్కులు రెండూ దిబ్బడ వేసి తల బరువెక్కింది. 76 ఏళ్ల వయసులో జలుబు పాతికేళ్ల వయసులో వచ్చినట్టు రాదు, ఒళ్లంతా పిండి చేసినట్టు చేస్తుంది. అయినా ఆయన మంచం ఎక్కలేదు. మఫ్లరు చుట్టుకుని సముద్రపు గాలిలో నడిచి వచ్చారు, మేడ మీది కుండీలకు నీళ్లు పోశారు, రైతుబజారుకు వెళ్లి ఎవరికీ అక్కరలేని రెండు కిలోల వంకాయలు మోసుకొచ్చారు.

"కాస్త పడుకోండి బాబాయి గారూ, జలుబుకు విశ్రాంతిని మించిన మందు లేదు" అని కింది వాటా రమణమ్మ గారు రెండుసార్లు చెప్పి చూశారు.

"పడుకుంటే జలుబు ఛాతీలోకి దిగుతుందమ్మా. నాలుగడుగులు తిరిగితేనే చెమటతో పోతుంది" అన్నారాయన.

అది ఆయన పైకి చెప్పిన కారణం. అసలు కారణం ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య సత్యవతి గారు పోయిన ఈ నాలుగేళ్లలో పగటిపూట నడుము వాల్చినప్పుడల్లా, వంటింట్లోంచి గిన్నె చప్పుడు వినిపించని ఆ నిశ్శబ్దం ఆయనకు భరింపరానిదయ్యేది. ఒంట్లో బాగా లేనప్పుడు అది మరీ ఎక్కువ, ఎందుకంటే జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆవిడ మిరియాలు దంచే రోలు చప్పుడే ఆయనకు సగం నయం చేసేది. నిలబడి ఉన్నంతసేపూ ఆయన అపార్ట్‌మెంటుకు పెద్దదిక్కు, పడుకున్నారంటే ఒంటరి ముసలివాడు. ఆ రెండో మనిషిని చూడడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

నాలుగో రోజు గురువారం. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి చీకటితోనే బయలుదేరే రోజు కాబట్టి, స్నానాలకు నీళ్లు తక్కువ కాకూడదని ఆయన ఆ వేళ నాలుగింటికే లేచి మోటారు వేశారు. మెట్ల మీద కూర్చుని చెవి ఒగ్గారు. అయితే జలుబుతో చెవులు రెండూ మూసుకుపోయి ఉన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ట్యాంకు నిండింది, పొంగింది, గోడ వెంట కారి మూడో అంతస్తు వరండా తడిపింది, రెండో అంతస్తులో ఆరవేసిన బట్టలు తడిపింది. ఆయన మాత్రం చప్పుడు ఇంకా మారలేదనే అనుకుంటూ, శాలువా కప్పుకుని వణుకుతూ అక్కడే కూర్చున్నారు.

గుడికి బయలుదేరిన రమణమ్మ గారే ఆయనను చూసి, తాళం చెవి అడిగి తీసుకుని మోటారు కట్టేశారు. ఆయన పైకి తలెత్తి, కారుతున్న గోడను చాలాసేపు చూశారు. "నాకు వినబడలేదమ్మా" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి జలుబు నీళ్లు మాత్రమే కావని ఆవిడకు అర్థమైంది.

ఆ పూట ఆవిడ బురుజుపేటకు వెళ్లలేదు.

నర్సింగు చదువుతున్న ఆవిడ కూతురు వచ్చి జ్వరం చూసింది. 99 మాత్రమే ఉంది. వేలికి పెట్టిన పరికరంలో ఆక్సిజన్ 97 చూపించింది. కిందటేడాది మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు ఆయన దిండు పక్కన కనబడితే, ఆ అమ్మాయి వాటిని తీసి పక్కన పెట్టింది. "తాతగారూ, జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఈ బిళ్లలు దాని మీద పనిచేయవు. వేడివేడిగా ఏదైనా తాగుతూ, పడుకుని ఉంటే వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది. ఆయాసం వచ్చినా, జ్వరం పెరిగినా మాత్రం దాచకండి, ఆస్పత్రికి వెళ్దాం" అంది.

"సరేనమ్మా" అన్నారు గానీ, ఆయన కాళ్లు అప్పటికే చెప్పుల కోసం వెతుకుతున్నాయి.

పదకొండు గంటలకు అపార్ట్‌మెంటు వాళ్లు ముగ్గురు వచ్చారు. రమణమ్మ గారు మూత పెట్టిన స్టీలు గిన్నె తెచ్చారు. మార్గశిర గురువారం ఇంట్లో నీచు వండరు గనుక, ఆవిడ ఉడికించిన పెసరపప్పు నుంచి వంచిన కట్టులో లేత మునగాకు, తరిగిన క్యారెట్టు, టమాటా వేసి మరగనిచ్చి, చివర్లో అల్లం, దంచిన మిరియాలు కలిపి సూప్ చేశారు. రెండో అంతస్తు షేక్ గారి భార్య అల్లం టీ ఫ్లాస్కులో తెచ్చారు, వాళ్ల తడిసిన బట్టల మాట ఎత్తలేదు. మూడో అంతస్తు కుర్రాడు ఆవిరి పట్టే గిన్నె తెచ్చి, వచ్చీరాగానే గుమ్మంలోనే అడిగాడు: "తాతగారూ, ట్యాంకు నిండితే చప్పుడు ఎలా మారుతుందో నాకు చెప్తారా?"

అప్పలనరసయ్య గారు సమాధానం వెంటనే చెప్పలేదు. గిన్నె మూత తీయగానే మిరియాల ఘాటు ఆయన ముఖానికి కొట్టింది. ఒక చెంచా, రెండు చెంచాలు, తరువాత గిన్నెనే ఎత్తి తాగారు. నుదుట చెమట పట్టింది, ముక్కు కొంచెం తెరుచుకుంది. నాలుగు రోజులుగా ఏ రుచీ తెలియని నాలుకకు మునగాకు చేదు లీలగా తగిలింది.

"మిరియాలు రోట్లో దంచావా అమ్మా?"

"రోట్లోనే బాబాయి గారూ. మిక్సీలో వేస్తే ఈ వాసన రాదు."

ఆయన తలవంచుకుని గిన్నె అడుగున మిగిలింది కూడా తాగారు. తరువాత కుర్రాడి వైపు తిరిగి, నిదానంగా, ప్రతి మాటా తూచి చెప్పారు. "ముందు నీళ్లు ధారగా పడుతున్నట్టు గలగలమంటుంది. సగం దాటాక ఆ గలగల తగ్గి, బుడబుడమని లోతుగా వినిపిస్తుంది. ఆ బుడబుడ కూడా ఆగి సన్నగా సుయ్యిమందంటే, వంద అంకెలు లెక్కపెట్టు. అప్పుడు కట్టెయ్." చెప్పి, మొలతాడు నుంచి తాళం విప్పి వాడి చేతిలో పెట్టారు.

ఆ మధ్యాహ్నం ఆయన పడుకున్నారు. వంటింట్లో రమణమ్మ గారు గిన్నెలు కడుగుతున్న చప్పుడు వింటూ, ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియకుండా నిద్రపోయారు. రాత్రి మరో గిన్నెడు సూప్ తాగి మళ్లీ నిద్రపోయారు.

తెల్లవారి సరిగ్గా 5 గంటలకు మోటారు మొదలైంది. ఆయనకు మెలకువ వచ్చింది, కుడి చెవి తెరుచుకుని ఉంది. కదలకుండా పడుకుని విన్నారు. గలగల, తరువాత బుడబుడ, తరువాత సన్నగా సుయ్యి. ఆయన మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. తొంభై ఆరు దగ్గర మోటారు ఆగింది.

"నాలుగు తక్కువ" అనుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని అటు తిరిగి పడుకున్నారు.