సంస్థ పని గురించి బయట ఏం పంచుకోవచ్చు, ఏం పంచుకోకూడదు: ఇంటర్న్‌లకు మార్గదర్శకం

హైదరాబాద్ మాదాపూర్ కార్యాలయంలో జనవరి నుంచి జూన్ వరకు ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఇంజనీరింగ్, డిజైన్ విద్యార్థులందరికీ ఈ మార్గదర్శకం వర్తిస్తుంది. ఆసుపత్రులకు అపాయింట్‌మెంట్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేయడం మన పని కనుక, మీ ముందుకు వచ్చే సమాచారంలో కొంత సంస్థది, కొంత ఆసుపత్రులది, కొంత రోగులది. సంస్థ సమాచారం విషయంలో మేము అనుమతి ఇవ్వగలం. మిగిలిన రెంటి విషయంలో మీ మెంటర్‌కే కాదు, డైరెక్టర్లకు కూడా తమంతట తాము అనుమతి ఇచ్చే అధికారం లేదు.

మీరు ఇక్కడ ఇంటర్న్‌గా చేరిన సంగతి, మీ హోదా, పనిచేసిన నెలలు, విభాగం పేరు, నేర్చుకున్న భాషలు, వాడిన సాధనాలు ఎవరినీ అడగకుండానే లింక్డ్‌ఇన్‌లోనూ రెజ్యూమెలోనూ రాసుకోవచ్చు. సర్టిఫికెట్ పెట్టుకోవచ్చు. స్టైపెండ్ ఎంతో చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఐడీ కార్డు ఫొటో మాత్రం పెట్టవద్దు, దాని మీది బార్‌కోడ్‌తోనే మన తలుపులు తెరుచుకుంటాయి.

చేసిన పనిని వర్ణించేటప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం. "బిల్లింగ్ మాడ్యూల్‌లో నివేదికలు ఆలస్యంగా తెరుచుకునే సమస్య మీద పనిచేశాను, పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్‌లు ఎలా ఎంచుకోవాలో నేర్చుకున్నాను" అని రాస్తే అభ్యంతరం లేదు. అదే వాక్యంలో ఫలానా ఆసుపత్రి పేరు, రోజుకు వచ్చే బిల్లుల సంఖ్య, టేబుళ్ల నిర్మాణం చేరితే అది ఆ ఆసుపత్రి వ్యాపార రహస్యాన్ని వెల్లడించడమే అవుతుంది. పేరు తీసేసి "నగరంలోని ఒక పెద్ద కంటి ఆసుపత్రి" అని రాసినా, ఏ ఆసుపత్రో ఊహించడం ఈ రంగంలోని వారికి కష్టం కాదు.

రోగి పేరు, ఫోన్ నంబరు, రిపోర్టు, బిల్లు ఏ రూపంలోనూ బయటకు వెళ్లకూడదు. పేరు మీద నల్లగీత గీసిన స్క్రీన్‌షాట్‌కు కూడా ఇదే నియమం, ఎందుకంటే వయసు, తేదీ, డాక్టరు పేరు కలిస్తే మనిషిని గుర్తుపట్టవచ్చు. ఇలాంటి సమాచారం కోసమే 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పోర్ట్‌ఫోలియోకు తెరలు కావలసిన డిజైన్ ఇంటర్న్‌లు కల్పిత సమాచారంతో నింపిన డెమో ఖాతానే వాడాలి, అదీ ఆ ఫీచర్ విడుదలైన తర్వాతే. వైట్‌బోర్డు ముందు దిగిన సెల్ఫీల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వెనకాల ఏముందో చూసుకోండి.

ఇక్కడ రాసిన కోడ్ మీ వ్యక్తిగత గిట్‌హబ్ ఖాతాలోకి వెళ్లకూడదు. చేరేటప్పుడు సంతకం చేసిన ఒప్పందం ప్రకారం దాని హక్కులు సంస్థవి. ప్రైవేట్ రిపాజిటరీలో పెట్టడం కూడా ఉల్లంఘనే. మీ నైపుణ్యం చూపించాలంటే అదే తరహా సమస్యను వేరే రంగానికి మార్చి, ఉదాహరణకు గ్రంథాలయంలో పుస్తకాల గడువును తీసుకుని, మీ సొంత కంప్యూటర్ మీద మొదటి నుంచి రాయండి. ఇంటర్వ్యూ చేసేవారికి మీ ఆలోచన తెలియడానికి అది చాలు. నిజానికి అరువు కోడ్ కంటే దాని గురించే మీరు ధైర్యంగా మాట్లాడగలరు.

ఇంకా విడుదల కాని ఫీచర్ల ప్రస్తావన ఎక్కడా వద్దు. పేటెంట్ దరఖాస్తు వేయకముందే ఆవిష్కరణ బహిరంగమైతే దాని కొత్తదనం పోయిందన్న కారణంతో పేటెంటే రాకపోవచ్చు. అందుకు ఒక చిన్న పోస్టు సరిపోతుంది.

కాలేజీకి ఇచ్చే ఇంటర్న్‌షిప్ రిపోర్టు, వైవా స్లైడ్లు కూడా బయటి ప్రచురణ కిందికే వస్తాయి. వాటిని సమర్పించడానికి 5 పని దినాల ముందు మెంటర్‌కు మెయిల్ చేయండి. 2 పని దినాల్లో రాతపూర్వకంగా జవాబు వస్తుంది. జవాబు రాకపోతే అనుమతి ఉన్నట్టు కాదు, ఇంజనీరింగ్ మేనేజర్‌ను అడగండి. మౌఖికంగా "పర్వాలేదు" అన్న మాట లెక్కలోకి రాదు.

పొరపాటున ఏదైనా బయటపడితే వెంటనే తీసేసి, అదే రోజు మెంటర్‌కు చెప్పండి. కోడ్ విషయంలో ఫైల్‌ను తొలగించడం సరిపోదు: పాత కమిట్‌లలో అది అలాగే ఉంటుంది, అప్పటికే ఎవరైనా కాపీ చేసుకుని ఉండవచ్చు. అందులో పాస్‌వర్డ్ గానీ ఏపీఐ కీ గానీ ఉంటే మేము దాన్ని రద్దుచేసి కొత్తది పెట్టాలి, అది గంటల్లో జరగాల్సిన పని. తానుగా చెప్పినవారి మీద చర్య తీసుకునే ఉద్దేశం మాకు లేదు. దాచిపెట్టినట్టు తేలితే ఇంటర్న్‌షిప్ రద్దవుతుంది.

ఇంటర్న్‌షిప్ ముగిసినా గోప్యత బాధ్యత కొనసాగుతుంది. అయితే వేధింపులపై అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయడానికి, చట్టవిరుద్ధమైన పని కనిపిస్తే ప్రభుత్వ అధికారులకు తెలియజేయడానికి, మీ స్టైపెండ్, పని గంటల గురించి తోటివారితో మాట్లాడుకోవడానికి ఈ మార్గదర్శకంలోని ఏ నియమమూ అడ్డు కాదు, వాటికి ఎవరి అనుమతీ అక్కరలేదు.