రాజీనామా పెట్టేశావట!

ఒరేయ్, రాజీనామా పెట్టేశావని ఇప్పుడే తెలిసింది. నిజం చెప్పనా? ముందు భయమేసింది. డాక్యుమెంటరీలు తీసి బతకడం కష్టం రా. డబ్బులు ఎప్పుడొస్తాయో తెలీదు, ఒక్కోసారి అసలు రావు. కానీ నువ్వు తీసిన ఆ జాలర్ల వీడియో చూసినవాళ్లెవరూ నీకు పని రాదని మాత్రం అనలేరు.

నాకు నచ్చనిది ఒక్కటే, ఇంటి లోన్ ఉండగా దాచుకున్నదంతా కెమెరాకి పెట్టడం. అద్దెకి తీసుకో. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, ముందు సొంతంగా ఒకటి చూసుకో. ఎన్నాళ్లు ప్రయత్నిస్తావో మీ ఆవిడతో కూర్చుని తేల్చుకో, నాతో కాదు.

సరే, సలహాలు అయిపోయాయి. సబ్‌టైటిల్స్ నేను రాస్తా, డబ్బులడగను. ఆదివారం ఫోన్ చేసి స్క్రిప్ట్ చదివి వినిపించు. బాగోకపోతే బాగోలేదనే చెప్తా.