పాలసీదారు మరణ సమాచారం, డెత్ క్లెయిమ్ పత్రాల జాబితా కోసం వినతి

హైదరాబాద్,
1 డిసెంబర్ 2025.

గౌరవనీయులైన బ్రాంచ్ మేనేజర్ గారికి,
భారతీయ జీవిత బీమా సంస్థ,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్.

విషయం: కీ.శే. కొత్తపల్లి వెంకటేశ్వర్లు గారి పాలసీ నంబర్ 641207358పై డెత్ క్లెయిమ్.

అయ్యా,

పై పాలసీదారు మా నాన్నగారు. నవంబర్ 9, ఆదివారం తెల్లవారుజామున గుండెపోటుతో ఉప్పల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చనిపోయారు. ఆయన వయసు 57 ఏళ్లు. ఈ పాలసీకి నామినీని నేనే. ఈ ఉత్తరాన్ని మరణ సమాచారంగా స్వీకరించి క్లెయిమ్ నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.

పాలసీ 28 మార్చి 2012న మొదలైంది. బీమా మొత్తం 5 లక్షల రూపాయలు. ఆరు నెలలకోసారి కట్టే ప్రీమియం మొన్న సెప్టెంబర్ వాయిదాతో సహా కట్టేశారు, లోన్ ఏమీ తీసుకోలేదు. మొదట మా అమ్మగారు నామినీగా ఉండేవారు. 2019లో ఆమె పోయాక, 2020లో నాన్నగారు నా పేరు రాయించారు. ఆ మార్పు మీ బ్రాంచ్ ముద్రతో బాండు వెనకవైపు ఉంది.

నా దగ్గర ప్రస్తుతం ఉన్న కాగితాలు ఇవి:

1. ఒరిజినల్ పాలసీ బాండు.
2. జీహెచ్ఎంసీ ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం. మీసేవలో అదనపు కాపీలు కూడా తీసుకున్నాను.
3. నాన్నగారి ఆధార్, సెప్టెంబర్ ప్రీమియం రసీదు.
4. ఆసుపత్రి డెత్ సమ్మరీ. పోస్టుమార్టం జరగలేదు.
5. నా ఆధార్, పాన్, పేరు ముద్రించి ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు.
6. నా పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్.

ఈ చివరి కాగితం ఎందుకంటే, బాండు మీద, పాన్ కార్డులో నా పేరు కొత్తపల్లి స్వాతి అని ఉంది. పెళ్లి తర్వాత మార్పించుకున్న ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో గుండా స్వాతి అని ఉంది. డబ్బు జమ అయ్యే ఖాతా పేరు, నామినీ పేరు కలవకపోతే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. పెళ్లి సర్టిఫికెట్ సరిపోతుందా, ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ కూడా ఇవ్వాలా? అఫిడవిట్ అయితే ఎంత విలువ స్టాంపు పేపరు మీద, ఏ మాటలతో ఉండాలో నమూనా ఇస్తే మళ్లీ రాయించుకునే పని ఉండదు.

పాలసీ తీసుకుని 13 ఏళ్లు దాటింది కనుక 3783ఏ ఫారం చాలని నాకు తెలిసింది. వైద్యుడు నింపే 3784, ఆసుపత్రి నింపే 3816, అంత్యక్రియల గురించిన 3785, యజమాని నింపే 3787 మూడేళ్లలోపు మరణాలకే అడుగుతారు కదా. అయినా వీటిలో ఏదైనా అవసరమైతే ఇప్పుడే చెప్పండి. ఆసుపత్రిలో రికార్డు చేతికందే రోజుల్లోనే సంతకాలు చేయించుకోవడం సులువు, ఆలస్యమైతే ఆ డాక్టరుగారు అక్కడ ఉంటారో ఉండరో.

మరొకటి, నాకు ఒక తమ్ముడున్నాడు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నామినేషన్ స్పష్టంగా ఉన్నప్పుడు తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ గానీ, తమ్ముడి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం గానీ కావాలా? ఈ డబ్బు మా ఇద్దరిదీ అనే నేను అనుకుంటున్నాను, వాడి ఫీజు కూడా ఇందులోంచే కట్టాలి. అడిగితే వాడు సంతోషంగా సంతకం పెడతాడు. కానీ సర్టిఫికెట్‌కు సమయం పడుతుంది కాబట్టి ముందే తెలియాలి.

అందుకే నా ముఖ్యమైన మనవి: ఈ క్లెయిమ్‌కు కావలసిన పత్రాలన్నిటి జాబితాను బ్రాంచ్ ముద్ర, సంతకంతో లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఏది ఒరిజినల్, ఏది జిరాక్స్, దేనిమీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలో కూడా అందులో రాయండి. నాన్నగారు పనిచేసిన చోట రావలసిన జీతం కోసం వెళ్తే ప్రతిసారీ ఒక కొత్త కాగితం అడిగారు, ముందు ఎవరూ రాసి ఇవ్వలేదు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, పరీక్షల రోజుల్లో ఒక పూట సెలవు దొరకడమే కష్టం. పత్రాలను విడతలుగా కాకుండా ఒకేసారి అడగాలన్నది ఐఆర్‌డీఏఐ చెప్పే పద్ధతి కూడా.

ఈ ఉత్తరంతో జిరాక్సులు మాత్రమే జతచేశాను. బాండు, మరణ ధ్రువీకరణ పత్రం ఒరిజినల్స్‌ను జాబితా అందాక స్వయంగా తెచ్చి ఇస్తాను. వాటిని తీసుకున్నట్టు తేదీతో రసీదు ఇప్పించాలి. నాన్నగారి సంతకం ఉన్న బాండు మా దగ్గర అదొక్కటే.

ఈ ఉత్తరం రెండో ప్రతిపై ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేసి ఇవ్వగలరు. జాబితాను కింది చిరునామాకు పోస్టులో పంపినా, పాలసీలో నమోదైన నా మొబైల్‌కు ఫోన్ చేసి రమ్మన్నా వచ్చి తీసుకుంటాను. సాయంత్రం 4 తర్వాత ఫోన్ ఎత్తగలను.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)
గుండా స్వాతి (పెళ్లికి ముందు కొత్తపల్లి స్వాతి),
నామినీ, పాలసీదారు కుమార్తె,
బోడుప్పల్, హైదరాబాద్.

జతపరచినవి: పైన చెప్పిన ఆరింటి జిరాక్సులు, బాండు వెనకవైపు నామినేషన్ పేజీతో సహా.