విషయం: ఫ్లోరైడ్ అసైన్‌మెంట్‌కు నవంబరు 24 వరకు గడువు కోరుతూ – మూడో బృందం

గౌరవనీయులైన మేడం గారికి,

నమస్కారం. నవంబరు 14న ఇవ్వాల్సిన మర్రిగూడ మండలం బోరు నీళ్ల అసైన్‌మెంట్‌కు మరో పది రోజులు, అంటే 24వ తేదీ వరకు గడువు ఇవ్వవలసిందిగా మా ముగ్గురి తరఫున కోరుతున్నాను.

మా బృందంలో నలుగురం ఉండేవాళ్లం. నరేశ్ వాళ్ల నాన్నగారు ట్రాక్టర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. చేలో పత్తి ఏరే సమయం, ఇంట్లో చూసుకునేవాళ్లు వేరే ఎవరూ లేరు. దాంతో 5వ తేదీన అతను ఈ సెమిస్టర్ మానేసి ఊరికి వెళ్లిపోయాడు. ఇందులో అతని తప్పేమీ లేదు మేడం. వెళ్లే ముందు నోటు పుస్తకం మా చేతికిచ్చే వెళ్లాడు.

స్పాడ్న్స్ పద్ధతిలో రీడింగులు తీసే పని అతనిదే. మర్రిగూడ, శివన్నగూడెం, వట్టిపల్లిలలో ఎనిమిదేసి చొప్పున తెచ్చిన 24 నమూనాల్లో 14 పూర్తయ్యాయి. కానీ వాటికి వాడిన ప్రామాణిక ద్రావణాల రీడింగులు పుస్తకంలో లేవు. ఫోనులో అడిగితే, విడి కాగితం మీద రాశానని, అది ఎక్కడ పోయిందో తెలియదని చెప్పాడు. వాటితో గీసే ప్రామాణిక రేఖ లేకుండా 14 అంకెలకూ అర్థం లేదు. అందాజుగా గీసి రిపోర్టు నింపడానికి మాకు మనసొప్పలేదు. శివన్నగూడెంలో నడుము వంగిపోయిన ఒక పెద్దావిడ మా సీసాను తానే కడిగి, నీళ్లు పట్టి ఇచ్చి, "ఎంత ఉందో వచ్చి చెప్పండి బిడ్డా" అన్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో ఆవిడకు చెప్పే అంకె సరైనదై ఉండాలి.

అందుకే 24 నమూనాలనూ మొదటి నుంచి చేయాలనుకుంటున్నాం. అక్టోబరు 26న ప్లాస్టిక్ సీసాల్లో పట్టిన నీళ్లు కాబట్టి 28 రోజుల లోపు పరీక్షిస్తే చాలు. మాకు ల్యాబ్ మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం మాత్రమే దొరుకుతోంది. 15వ తేదీ శనివారం ఒక్కరోజు పూర్తిగా వాడుకోనిస్తే రీడింగులు 20వ తేదీకల్లా ముగుస్తాయి. మిగతా నాలుగు రోజులు లెక్కలకు, రాతకు సరిపోతాయి.

ఇంటింటి సర్వే, బోర్ల లోతుల పట్టిక, పటం సిద్ధంగా ఉన్నాయి. మీరు సరేనంటే వాటిని 14నే ఇచ్చేస్తాం. ఆలస్యానికి మార్కులు తగ్గించినా అభ్యంతరం లేదు. నరేశ్ వెళ్లిన రోజే మీకు చెప్పవలసింది. పుస్తకం చూసి మేమే సర్దుకోగలమనుకున్నాం, అందుకు క్షమించండి.

నోటు పుస్తకం పేజీల ఫోటోలు జతచేశాను. రేపు మీ క్లాసు అయ్యాక పుస్తకంతో వచ్చి కలవమంటారా?

ఇట్లు,
మీ విద్యార్థిని
శ్రావణి
మూడో బృందం, ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం, రెండో సంవత్సరం
నల్గొండ