బాండ్ మొత్తం మాఫీ చేయమని, లేదా తగ్గించమని కోరుతూ లేఖ

తేదీ: 2026 జనవరి 12

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

విషయం: ఇంట్లో వచ్చిన అత్యవసర పరిస్థితి వల్ల ఉద్యోగం మానేయాల్సి రావడం, సర్వీస్ బాండ్ మొత్తం 1,50,000 రూపాయల నుంచి మినహాయింపు కోరడం గురించి.

నమస్కారం సార్,

నేను 2024 ఆగస్టు 5న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రైనీగా మన కంపెనీలో చేరాను. అప్పుడు రాసిచ్చిన బాండ్ ప్రకారం 24 నెలలు పని చేయాలి, మధ్యలో మానేస్తే 1,50,000 రూపాయలు కట్టాలి. ఆ కాగితం చదువుకునే సంతకం పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు, నాకు తెలియకుండా జరిగిందీ లేదు. ఇవాళ ఉదయం రాజీనామా మెయిల్ పంపాను. దానితో పాటు మీరు ఈ ఉత్తరం కూడా చదవాలని కోరుతున్నాను.

2025 నవంబర్ 18న మా నాన్నగారికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. పదహారు రోజులు ఆసుపత్రిలో ఉంచి డిసెంబర్ 4న డిశ్చార్జ్ చేశారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా రావడం లేదు. చెప్పాలనుకున్నది ఆయనకు తెలుస్తుంది గానీ నోట్లోంచి వేరే మాట వస్తుంది. పోగొట్టుకున్న కదలికలో ఎక్కువ భాగం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే తిరిగి వచ్చే అవకాశం ఉందని, అందుకే ఇప్పుడు రోజుకు రెండు పూటలా వ్యాయామం తప్పకూడదని డాక్టర్లు చెప్పారు. ఆ మూడు నెలల్లో ఇప్పటికే దాదాపు రెండు గడిచిపోయాయి.

ఇంట్లో మా అమ్మ ఉంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, నాన్నను మంచం మీద నుంచి ఒక్కతే లేపలేదు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం, పరీక్షలు దగ్గర పడ్డాయి. నేను ఉన్న సెలవులన్నీ వాడుకున్నాను, తర్వాత జీతం లేని సెలవు తీసుకున్నాను, డిసెంబర్ 22న తిరిగి డ్యూటీలో చేరాను. ఇంట్లో మనిషిని పెట్టి, శనివారాలు ఆరు గంటలు బస్సులో వెళ్లి వస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. పెట్టుకున్న మనిషి పది రోజులకే మానేసింది. జనవరి 6న నాన్న బాత్రూం దగ్గర జారి పడ్డారు. అమ్మ లేపలేక పక్కింటి వాళ్లను పిలిచి మంచం మీద పడుకోబెట్టింది. దెబ్బ పెద్దది కాదు. ఆ సంగతి నాకు సాయంత్రం షిఫ్ట్ అయ్యాక తెలిసింది. నేను వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నది ఆ రాత్రే.

ఇంటి నుంచి పని చేసే వీలుందేమో అని మా టీమ్ లీడ్ గారిని ముందే అడిగాను. క్లయింట్ నిబంధనల ప్రకారం మా ప్రాజెక్ట్ ఆఫీసు నెట్‌వర్క్ నుంచే చేయాలి కాబట్టి కుదరదన్నారు. ఆయన చేయగలిగినంతా చేశారు. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది.

ఇక డబ్బు సంగతి. ఆసుపత్రికి మొత్తం 6,40,000 రూపాయలు అయింది. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులను చేర్చుకోవడం వల్ల 3,00,000 వచ్చింది, అది లేకపోతే మేం ఏమయ్యేవాళ్లమో. మిగతాదానికి అమ్మ బంగారం తాకట్టు పెట్టాం, బంధువుల దగ్గర చేబదులు తీసుకున్నాం. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఫిజియోథెరపీ చీటీ, తాకట్టు రసీదు కాపీలు ఈ ఉత్తరంతో జత చేశాను. ఒరిజినల్స్ కూడా చూపిస్తాను.

ఈ పరిస్థితిలో బాండ్ మొత్తం పూర్తిగా మాఫీ చేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

అది కుదరకపోతే, నేను చేసిన సర్వీస్‌ను లెక్కలోకి తీసుకోమని అడుగుతున్నాను. 30 రోజుల నోటీసు పూర్తి చేసి ఫిబ్రవరి 10న రిలీవ్ అయ్యేసరికి నాకు 18 నెలలు నిండుతాయి. మిగిలేది ఆరు నెలలు, అంటే పావు వంతు. ఆ లెక్కన 37,500 రూపాయలవుతుంది. బాండ్‌లో ఇలా తగ్గించే క్లాజు లేదు, నెల తర్వాత మానేసినా ఇరవై మూడో నెలలో మానేసినా ఒకటే మొత్తం రాసి ఉంది. అయితే నా ట్రైనింగ్ 2024 నవంబర్ మధ్యలోనే ముగిసింది. సెలవులో ఉన్న రోజులు తీసేస్తే అప్పటి నుంచీ క్లయింట్ ప్రాజెక్ట్‌లోనే పని చేస్తున్నాను. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 74వ సెక్షన్ కూడా ఒప్పందంలో రాసిన మొత్తాన్ని పైపరిమితిగా తీసుకుని, దాన్ని మించకుండా సహేతుకమైన పరిహారమే ఇవ్వాలంటుందని తెలుసుకున్నాను. ఇది మీతో వాదనకు దిగడానికి రాయలేదు. తగ్గించి తీసుకోవడం కొత్తేమీ కాదని చెప్పడానికే రాశాను.

ఆ 37,500 అయినా ఒకేసారి కట్టే స్తోమత లేదు. ఫైనల్ సెటిల్మెంట్‌లో నాకు రావాల్సినది అందులోకి జమ చేసుకుని, మిగతాది నెలకు 5,000 చొప్పున తీసుకుంటే కట్టగలను. ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్లు చెబుదామనుకుంటున్నాను. వాయిదాల తేదీలు రాసి సంతకం పెట్టి ఇస్తాను.

వేరే కంపెనీలో ఆఫర్ వచ్చి ఇలా చెబుతోందేమో అన్న అనుమానం మీకు రావడం సహజం. మీ కుర్చీలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని. అందుకే ఒక హామీ ఇస్తున్నాను: మిగిలిన ఆరు నెలల బాండ్ కాలంలో నేను ఇదే రంగంలో ఇంకో కంపెనీలో చేరితే, మీరు మాఫీ చేసిన మొత్తాన్ని తిరిగి కట్టేస్తాను. ఈలోగా నాన్న కోలుకుని, మీ దగ్గర ఖాళీ ఉంటే, వచ్చి ఆ ఆరు నెలలూ పూర్తి చేయడానికి కూడా సిద్ధం. రాజీనామా బదులు జీతం లేని దీర్ఘకాలిక సెలవుగా మార్చే వీలుంటే నాకు అన్నిటికంటే సంతోషం.

ఇంకో రెండు విషయాలు. బాండ్ పేపర్ మీద షూరిటీగా సంతకం పెట్టింది మా నాన్నగారే. మీ నిర్ణయం ఏదైనా సరే, దయచేసి ఆయన పేరు మీద నోటీసు పంపకండి. పంపాల్సింది నాకే పంపండి, నేను జవాబిస్తాను. ఆయన ఇప్పుడు ఉత్తరం చదివి అర్థం చేసుకోగలరు, తిరిగి ఏమీ చెప్పలేరు, సంతకం పెట్టే చెయ్యి కదలదు. బీపీ పెరగకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. రెండోది, చేరినప్పుడు ఇచ్చిన నా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు బాండ్ లెక్క తేలేదాకా ఆపకుండా రిలీవ్ అయ్యే రోజునే ఇప్పించమని వేడుకుంటున్నాను.

నా చేతిలో ఉన్న టెస్ట్ కేసులన్నీ డాక్యుమెంట్ చేయడం మొదలుపెట్టాను. నా తర్వాత వచ్చేవాళ్లకు నోటీసు కాలంలోనే దగ్గరుండి నేర్పుతాను. ఒక్క రోజు కూడా తగ్గించమని అడగడం లేదు, ఆ నెల రోజులూ మా పిన్ని వచ్చి అమ్మకు తోడుంటానంది.

ఈ గురువారం మధ్యాహ్నం మీకు వీలైతే ఒరిజినల్ కాగితాలతో వచ్చి కలుస్తాను. మీ నిర్ణయం ఏదైనా మెయిల్‌లో రాతపూర్వకంగా తెలియజేస్తే, ఇంట్లో దాన్ని బట్టి అప్పులు సర్దుకుంటాం.

ఇట్లు
మీ విధేయురాలు,
కె. మాధవి
ట్రైనీ, టెస్టింగ్ విభాగం