వీణ ప్రాథమిక తరగతుల గురించి

సంగీత పాఠశాల ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారమండీ. మా అమ్మాయి లహరికి తొమ్మిదేళ్లు. వీణ నేర్చుకుంటానని ఆరు నెలలుగా పట్టుబడుతోంది. గాత్రం ఏడాది నేర్చుకుంది. సరళీ వరుసలు, జంట వరుసలు వచ్చు. వీణ మాత్రం ఎప్పుడూ పట్టలేదు.

కొత్తవాళ్లకి తరగతులు ఎప్పుడు మొదలవుతాయి? వారానికి ఎన్ని రోజులు? ఒక్కొక్కరికీ విడిగా చెబుతారా, నలుగురైదుగురిని కూర్చోబెట్టి చెబుతారా? సాయంత్రం ఐదు తర్వాతైతే మాకు వీలు. ఫీజు నెలకా, మూడు నెలలకా? ప్రవేశ రుసుము వేరేగా ఉంటుందా? మధ్యలో పరీక్షలకని సెలవు పెడితే ఆ క్లాసులు తర్వాత చెబుతారా?

ఇంట్లో మా అత్తగారి వీణ ఉంది. చాలా ఏళ్లుగా ఎవరూ వాయించలేదు. మైనం ఎండి రెండు మెట్లు ఊడాయి. దాన్ని బాగు చేయించాలా, మొదట్లో పాఠశాల వీణ మీదే నేర్చుకోవచ్చా? పెద్ద వీణ కదా, లహరి చెయ్యి చివరి మెట్టు దాకా అందుతుందో లేదోనని నా టెన్షన్. పైగా లహరిది ఎడమచేతి వాటం. ఇబ్బందేమైనా ఉంటుందా?

ఒక క్లాసు చూడనిస్తే శనివారం తీసుకొస్తాను.

ఇట్లు,
లహరి వాళ్లమ్మ